మూడో తరగతి పిల్లలు ఇంట్లోవాళ్ల మీద ప్రాసతో చిన్న గేయం రాయాలంటే ఎలాంటి చట్రం ఇవ్వాలి?

బలపం_టీచర్ (భీమవరం దగ్గర)

అందరికీ నమస్కారం. నేను మూడో తరగతికి చెప్తాను. కుటుంబం పాఠం అయ్యాక ప్రతి పిల్లా పిల్లాడూ వాళ్ల ఇంటి మీద ఆరు లైన్ల గేయం రాస్తే బావుంటుందని అనుకుంటున్నాను. మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఖాళీల చట్రం తిరుగుతోంది:

మా అమ్మ ________ చేస్తుంది
మా నాన్న ________ చేస్తాడు
మా తాతయ్య ________ చెప్తాడు
మా నానమ్మ ________ పెడుతుంది
మా కుటుంబం ________ కుటుంబం

ఇది ఇస్తే తరగతి మొత్తం ఒకటే రాస్తారు. అమ్మకి వంట, నాన్నకి పని, తాతయ్యకి కథలు, నానమ్మకి అన్నం, ఆఖరి ఖాళీలో చక్కని. పేరు చెరిపేస్తే ఏ కాగితం ఎవరిదో నేను కూడా చెప్పలేను. పైగా ఇందులో ప్రాస లేదు. చేస్తుంది, చేస్తాడు ఎక్కడ కలుస్తాయి?

ఇదే పిల్లలు ఆటల పీరియడ్‌లో ఒకళ్లనొకళ్లు ఏడిపించుకునేటప్పుడు మాత్రం ప్రాస భలేగా కలుపుతారు. అంటే చెవి ఉంది. కాగితం మీదికి రావట్లేదు. ఎవరి ఇల్లు వాళ్ల గేయంలో కనిపించాలి, ప్రాస నేను చెప్పకుండా వాళ్లకే తగలాలి. అలాంటి చట్రం ఎవరైనా వాడుతున్నారా? తరగతిలో సగం మందికి గుణింతాలు వచ్చు కానీ ఒత్తుల దగ్గర ఆగిపోతారు, అది కూడా దృష్టిలో పెట్టుకోండి.

---

రవళి_అమ్మ

టీచర్ గారూ, మా పాప కూడా మూడో తరగతే. వచ్చే నెల స్కూల్ డేకి కుటుంబం మీద గేయం చెప్పాలట. రెండు నిమిషాలు రావాలి, అమ్మానాన్నల గొప్పతనం ఉండాలి. మీ దగ్గర రాసి రెడీగా ఉన్నది ఉంటే పెట్టండి, బట్టీ పట్టిస్తాను. యాక్షన్‌తో చెప్పేలా ఉంటే ఇంకా మంచిది.

---

పద్యప్రియ

ముందుగా ఒక మాట. లైను చివర కలిసేదాన్ని ఉత్త ప్రాస అనకూడదు, అది అంత్యప్రాస. తెలుగులో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. పిల్లలకి మొదటి నుంచీ అదే అలవాటు చేయాలి. లఘువు గురువు నేర్పి, నాలుగేసి మాత్రలకి విడగొట్టడం చూపిస్తే లయ దానంతట అదే వస్తుంది. గురజాడ 1910లో ముత్యాల సరాలు రాసినప్పుడు మూడు, నాలుగు మాత్రల నడకతోనే కదా జనానికి చేరువయ్యారు? ఖాళీలు పూరించడం వల్ల కవిత్వం రాదు. నడక వస్తే మాట వస్తుంది.

---

ఏకోపాధ్యాయుడు (నల్లమల అంచున)

పద్యప్రియ గారూ, రెండో అక్షరం సంగతి పద్యానికి నిజమే. కానీ ఎనిమిదేళ్ల పిల్లకి గురువూ లఘువూ చెప్తే ఆ పీరియడ్ అంతా గుర్తులు పెట్టడంతోనే అయిపోతుంది. అమ్మ మీద ఒక్క మాట కూడా రాదు. నడకకి చప్పట్లు చాలు. అది తర్వాత చెప్తాను.

టీచర్ గారూ, మీ గ్రూపులో తిరిగే చట్రంలో ఉన్న చిక్కు ఖాళీల్లో లేదు, లైను చివర క్రియ పెట్టడంలో ఉంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. ఆ క్రియ మనిషిని బట్టి మారిపోతుంది. అమ్మా అక్కా ఆవూ పిల్లీ అన్నీ తుంది, నాన్నా అన్నా తమ్ముడూ తాడు, తాతయ్యని మర్యాదగా అంటే తారు. అమ్మ లైను పక్కన నాన్న లైను పెట్టగానే ప్రాస విరిగిపోతుంది. ఒకవేళ ఆడవాళ్లందరినీ ఒకచోట పెట్టినా వండుతుంది, నవ్వుతుంది అని వస్తాయి. అక్కడ కలిసింది తోక ఒక్కటే. పోస్తుంది, కోస్తుంది, మోస్తుంది అని ముందు అక్షరం దాకా కలిస్తేనే చెవికి ఆనుతుంది. అది పిల్లలకి ఊరికే తట్టదు.

అందుకని నేను వాక్యాన్ని తిప్పేస్తాను. తాత మేకలు కాస్తాడు అనకుండా మేకలు కాసే మా తాత. ఇప్పుడు లైను చివర మనిషి వచ్చాడు. తాతకి కలిసే మాటలు పిల్లల దగ్గర బోలెడు: పాత, మేత, కోత, మూత, రాత, పూత, వాత. ఇంట్లోవాళ్ల పిలుపుల్లో చాలావాటికి ఇలా జతలు దొరుకుతాయి. నేను బోర్డు మీద గీసే బుట్టలు ఇవి, ఒక్కోదాంట్లో ఐదారు మాటలకి మించి పెట్టను:

తాత: మేత, కోత, మూత, పాత, పూత
అమ్మ: బొమ్మ, కొమ్మ, నిమ్మ, చెమ్మ, రెమ్మ
నాన్న, అన్న: వెన్న, నిన్న, మొన్న, చిన్న, సున్న
అక్క: ముక్క, మొక్క, చుక్క, పక్క, కుక్క
చెల్లి: మల్లి, పిల్లి, బల్లి, ఉల్లి, తల్లి
అత్త: కొత్త, మెత్త, గిత్త, చెత్త
అవ్వ: బువ్వ, గవ్వ, గువ్వ, మువ్వ

చూడండి, తాతని వదిలేస్తే అన్నీ ద్విత్వాలే. మీరు ఒత్తుల దగ్గర ఆగిపోతారన్న పిల్లలకి ఈ బుట్టలే ఒత్తుల పాఠం. ఒత్తు అసలు రాయలేనివాళ్లని తాత, మామ, బావ, పాపలతో మొదలుపెట్టించండి.

చట్రం రెండేసి లైన్లది. అలాంటి జతలు మూడు:

(ఏం) ______ (చేసే) ______ మా (ఎవరు) ______
______ ______ ______ (బుట్టలో మాట) ______

రెండో లైన్లో మొదటి మూడు ఖాళీలకి ఏ గుర్తూ పెట్టను. అక్కడే పిల్లవాడి ఇల్లు ఉంటుంది.

నింపే వరస ముఖ్యం. ముందు మొదటి లైను చివర మనిషిని రాయాలి. తర్వాత సరాసరి రెండో లైను చివరికి పోయి బుట్టలోంచి ఒక మాట తెచ్చి పెట్టాలి. ఆ తర్వాతే మిగతా ఖాళీలు. ఎడమ నుంచి కుడికి రాసుకుంటూ పోయిన పిల్లవాడు చివరికి వచ్చేసరికి చిక్కుకుపోయి ఏదో ఒకటి తగిలిస్తాడు. చివరి మాట ముందే ఉంటే, మేతకీ మా తాతకీ ఏం సంబంధమని ఆలోచిస్తాడు.

మేకలు కాసే మా తాత
తుమ్మ కాయలే వాటికి మేత

మాటకొక చప్పట. లైనుకి నాలుగు. మేకలు, కాసే, మా, తాత. తుమ్మ, కాయలే, వాటికి, మేత. ఐదో చప్పట పడితే ఒక మాట తీసేయాలి, మూడే పడితే ఒకటి కలపాలి. మా దగ్గర పిల్లలు ఇది వాళ్లే దిద్దుకుంటారు.

---

బలపం_టీచర్

మాస్టారూ, చివరి నుంచి వెనక్కి రాయించడం నాకు బాగా నచ్చింది. రెండు సందేహాలు. అక్క బుట్టలో కుక్క పెడితే అందరూ అదే పట్టుకుని అక్కల్ని తిడతారేమో? అత్తకి చెత్త కూడా అంతే. ఆ మాటలు తీసేయొచ్చా? రెండోది, తమ్ముడికి ఏం కలపాలి? మా తరగతిలో తమ్ముళ్లు లేని ఇల్లు తక్కువ.

---

ఏకోపాధ్యాయుడు

కుక్కని నేను తీయను. తీస్తే చాటుగా అదే అనుకుంటారు. ఉంచి, ఒక్క ప్రశ్న అడుగుతాను: ఇది నిజమేనా, నువ్వు చూశావా? మొదట మా అక్క కుక్క అని నవ్విన పిల్లవాడే కాసేపటికి ఇలా రాశాడు:

బడికి బయల్దేరితే మా అక్క
తోక ఊపుతూ వెంటే కుక్క

మొదటి లైను చట్రం దాటింది కూడా. చేసే అన్నచోట బయల్దేరితే అని పెట్టాడు. చప్పట్లు సరిపోయాయి, నేను ఒప్పుకున్నాను. చట్రం దాటడం తప్పు కాదు, నాలుగు చప్పట్లూ చివరి మాటా ఉంటే చాలు.

నిజమేనా అన్న ప్రశ్నతో పాటు ఇంకో పరీక్ష పెడతాను. రెండో లైను తీసుకెళ్లి పక్కవాడి గేయంలో పెట్టి చదవమంటాను. అక్కడ కూడా సరిపోతే ఆ లైను ఎవరిదీ కాదు, మళ్లీ రాయాలి. తుమ్మకాయల మేత మేకలున్న ఇంట్లోనే కుదురుతుంది. ప్రేమ పంచే అమ్మ, మురిపించే బొమ్మ ఏ ఇంట్లోనైనా కుదురుతుంది. పిల్లలకి ఈ తేడా రెండు మూడు సార్లలో తెలిసిపోతుంది, వాళ్లే ఒకళ్లది ఒకళ్లు పట్టిస్తారు.

తమ్ముడు, వదిన, మరదలు, పెదనాన్న లైను చివర ఉంటే పిల్లలకి జత దొరకదు. వాటికి ఇంట్లో పిలిచే ముద్దుపేరు పెట్టించండి. బుజ్జి, చిన్ని, చిట్టి లాంటివి చివర బాగా నిలుస్తాయి. ముద్దుపేరు లేకపోతే తమ్ముణ్ణి లైను మొదటికి తెచ్చి, చివర వాడి వస్తువు పెట్టాలి.

---

పాలమూరు_పంతులు (నారాయణపేట వైపు)

సార్లు చెప్పిన బుట్టలు మంచిగున్నయి. కానీ ఒక మాట. మా తాన మూడో తరగతిలో శానమంది తల్లిదండ్రులు బొంబాయి, పుణె వలసల ఉంటరు. పిల్లలు అవ్వకాడ ఉంటరు. మొదలే అమ్మ, తర్వాత నాన్న అని అచ్చువేసి ఇస్తే ఆ పిల్లగాడు పెన్సిల్ కింద పెడతడు. నేను కాగితం మీద ఒక్క చుట్టరికం కూడా ముందుగాల రాయ. రాత్రి నీ పక్కన ఎవరు పంటరు, పొద్దుగాల ఎవరు లేపుతరు, బడి నుంచి పోంగనే తలుపు ఎవరు తీస్తరు అని మూడు అడుగుత. వచ్చిన జవాబులే ఆ పిల్లగాని మూడు జతలు. కొందరికి మూడిట్లకూ అవ్వే. అట్లయితే మూడు జతలూ అవ్వ మీదనే.

పొయ్యి కాడ ఉండేది అవ్వ
సల్ల పోసి కలిపేది బువ్వ

ఇది మా పిల్ల రాసింది. చల్ల అని దిద్దమని పైనుంచి వచ్చినాయన చెప్పిండు. నేను దిద్దలే. ఆ ఇంట్ల సల్లనే అంటరు. నాన్న బుట్ట గూడ మాకు పనికిరాదు, నాయిన అంటరు మా పిల్లలు. నాయినకి ఆయన, ఈయన కలుపుకున్నరు.

---

పద్యప్రియ

యాసలో రాయనివ్వడం నాకు సమ్మతం కాదు. పరీక్షలో రాసేది ప్రామాణిక భాషే. చిన్నప్పుడే చల్ల అని అలవాటు చేస్తే మంచిది.

అయితే మాస్టారి బుట్టలు చూశాక ఒకటి గమనించాను. ఇవన్నీ రెండక్షరాల మాటలు, కాబట్టి రెండో అక్షరమే చివరి అక్షరం కూడా. నేను చెప్పే ప్రాసా మీరు చెప్పే అంత్యప్రాసా ఇక్కడ ఒకటే అయ్యాయి. అందువల్ల పద్యంలో పాటించే ఒక నియమం మీకు ఇక్కడ పనికొస్తుంది. ప్రాసకి ముందున్న అక్షరం గురువైతే అన్ని పాదాల్లోనూ గురువే ఉండాలి. తాతకి మేత, కోత నిండుగా కలుస్తాయి. అదే తాతకి కత అని పెట్టి చదవండి, చివరి అక్షరం అదే అయినా ఏదో జారినట్టు ఉంటుంది. పిల్లలకి గురువు అని చెప్పొద్దు. ఒక మాటలో మొదటి అక్షరం సాగితే దాని జత మాటలోనూ మొదటి అక్షరం సాగాలి, నొక్కితే నొక్కాలి అంటే చాలు.

---

ఏకోపాధ్యాయుడు

పద్యప్రియ గారూ, ఈ మాట నాకు చాలా ఉపయోగం. మా పిల్లలు తాతకీ కతకీ జత కట్టినప్పుడు బాలేదని తెలిసేది కానీ ఎందుకో వాళ్లకి చెప్పలేకపోయేవాణ్ణి. రేపటి నుంచి సాగదీసి చదివిస్తాను. యాస విషయంలో నేను పాలమూరు సారు పక్షమే. గేయం ఇంటిది. పరీక్ష వాక్యాలు వేరే పీరియడ్‌లో నేర్పుకోవచ్చు.

---

డల్లాస్_బడి

నేను ఇక్కడ వారాంతపు తెలుగు తరగతిలో స్వచ్ఛందంగా చెప్తాను. మా ఎనిమిదేళ్ల పిల్లలకి మీ బుట్టల్లో సగం మాటలు తెలియవు. గవ్వ అంటే ఏంటని అడుగుతారు. రెమ్మ, చెమ్మ అసలే తెలియవు. అందుకని బుట్ట నేను ఇవ్వను, ఇంటికి పంపిస్తాను. ఫోన్లో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి మ్మతో ముగిసే మాటలు నాలుగు తెచ్చుకోమంటాను, ప్రతి మాటకీ ఒక బొమ్మ గీయాలి. అలా తెచ్చుకున్నవే వాడతారు.

ఒక బాబు ఇలా రాశాడు:

తెర మీద నవ్వే అమ్మమ్మ
చెయ్యి చాపితే అది బొమ్మ

రెండో లైను అమ్మమ్మే చెప్పిందో, వాడే అనుకున్నాడో నాకు తెలియదు. వాళ్లమ్మ మాత్రం వాడే అన్నాడంటారు. ఇంటికి పంపితే ఈ సందేహం ఎప్పుడూ ఉంటుంది. మాకున్నది వారానికి గంటన్నర, పంపకపోతే మాటలే దొరకవు. మీరైతే ఏం చేస్తారు?

ఇంకోటి, మా పిల్లలకి మేకలు కాసే మా తాత అనే కట్టు కష్టం. తాత ఎవరు మేకలు కాస్తాడో అన్నట్టు ఇంగ్లీషు వరసలో ఆలోచించి, మనిషిని ముందుకి తెచ్చేస్తారు. అందుకని చేసే, చెప్పే, తెచ్చే, నవ్వే, పాడే, కోసే అని మాటల చీటీలు విడిగా చేశాను. చీటీని ఇంటి మనిషి పేరు ముందు పెట్టి చదవడం ఒక వారం ఆడితే తప్ప రాతకి రారు.

---

బలపం_టీచర్

ఈ వారం రెండు పీరియడ్లలో చేయించాను. మొదటి పీరియడ్ అంతా మాటలూ బుట్టలూ చప్పట్లే, రాత లేదు. రెండోదాంట్లో రాత. ఒక పాప గేయం ఎలా తయారైందో మొదటి నుంచి చెప్తాను, ఎక్కడ ఆగిందో ఎక్కడ కదిలిందో మీకూ తెలుస్తుంది.

అమ్మ అని రాసింది. బుట్టలోంచి బొమ్మ తెచ్చుకుంది. ముద్దులొలికే మా అమ్మ, అందమైన పెద్ద బొమ్మ. పక్కవాళ్ల కాగితంలో పెట్టి చదవమన్నాను. సరిపోయింది. పాప ముఖం చిన్నబోయింది. అప్పుడు పాలమూరు సార్ పద్ధతిలో ఒకటే అడిగాను, నిన్న సాయంత్రం అమ్మ ఇంటికి రాగానే ముందు ఏం చేసింది? వాళ్లమ్మ రొయ్యల షెడ్డుకి వెళ్తుంది. పాప ఆలోచించకుండానే, చేతులకి నిమ్మకాయ రుద్దుకుంది టీచర్, వాసన పోడానికి అంది. నిమ్మ బోర్డు మీద బుట్టలోనే ఉంది. చూపించలేదు నేను. తనే అటు చూసి, లేచి వెళ్లి బొమ్మని కొట్టేసి నిమ్మ రాసుకుంది.

నాన్న దగ్గర ఎక్కువసేపు పట్టలేదు. ఆయన చేపల లారీ డ్రైవరు. మొన్న అన్న మాట తీసుకుని వెంటనే రాసేసింది. బుజ్జి వాళ్ల తమ్ముడు, బజ్జి బుట్టలో లేని మాట, తనే తెచ్చుకుంది.

రొయ్యలు ఒలిచే మా అమ్మ
చేతులకు రుద్దేది పుల్లని నిమ్మ
లారీ తోలే మా నాన్న
కలకత్తా నుంచి వచ్చాడు మొన్న
పాకుతూ వచ్చే మా బుజ్జి
నా చేతిలోంచి లాక్కునేది బజ్జి

చప్పట్లు కొట్టి చూడండి, ప్రతి లైనూ నాలుగే. ఒత్తుల విషయానికొస్తే అమ్మ, నిమ్మ, నాన్న, మొన్న ఒక్కటీ తప్పు పోలేదు, బోర్డు మీద చూసి రాసుకున్నారు కాబట్టి. బజ్జిలో జ ఒత్తు మాత్రం అడిగి రాసింది.

అందరివీ ఇలా రాలేదు. నలుగురైదుగురు బుట్టలో మాట పెట్టేసి, దానికీ ఇంటి మనిషికీ సంబంధం దొరక్క ఆగిపోయారు. వాళ్లకి బుట్టలో ఐదు మాటలు కూడా ఎక్కువే అనిపించింది. దగ్గర కూర్చుని రెండే చూపిస్తే రాశారు. ఇద్దరికి రెండో లైను నేనే నోటితో పూర్తి చేయాల్సి వచ్చింది.

---

రవళి_అమ్మ

టీచర్ గారూ, ఇదంతా చదివాక బట్టీ గేయం ఆలోచన పక్కన పెట్టాను. నిన్న రాత్రి మా పాపతో కూర్చుని చేశాం. వాళ్ల అత్త మీద రాసింది:

మిషను కుట్టే మా అత్త
పాత చీరే లంగా కొత్త

నేను చెప్పలేదు, నిజంగా తనే. వాళ్ల అత్త నా పాత పట్టుచీరతో దానికి లంగా కుట్టింది. కానీ స్కూల్ డేకి ఆఖర్న కుటుంబం అంతటినీ కలిపే లైను ఒకటి ఉండాలి కదా? అందరం కలిస్తే మా ఇల్లు, రంగురంగుల హరివిల్లు అని కలిపాను. బాగుందా?

---

ఏకోపాధ్యాయుడు

అమ్మా, పాత చీరే లంగా కొత్త, ఎంత బావుందో. దాన్ని కదపకండి. హరివిల్లు మాత్రం తీసేస్తే మంచిదని నా అభిప్రాయం. ఇల్లు అనగానే పిల్లలూ పెద్దలూ అందరూ హరివిల్లు దగ్గరికే పోతారు. పక్కవాళ్ల గేయంలో పెట్టి చదవండి, కుదిరిపోతుంది. నేను మూడు జతలతో ఆపేస్తాను.

---

బలపం_టీచర్

ఇక్కడ నాకు కొంచెం తేడా ఉంది మాస్టారూ. మూడు జతలతో ఆపితే చదివేటప్పుడు పిల్లలు ఎక్కడ ఆపాలో తెలియక బిక్కచూపులు చూశారు. స్టేజీ మీద చెప్పేవాళ్లకి ముగింపు ఏదో కావాలి. మొదటి జతనే మళ్లీ చివర చెప్పించి చూస్తే బాగానే నప్పింది. రాసేది ఆరు లైన్లే, చెప్పేది ఎనిమిది.

ఇల్లు బుట్టలో ఇంకో తగువు వచ్చింది. ఒక బాబు ఇల్లుకి పళ్లు కలిపాడు. పలికితే కలుస్తుంది, రాస్తే ల వేరు ళ వేరు. నేను ఉంచేశాను. మా తోటి టీచరు ఒప్పుకోలేదు, ఇప్పుడు వదిలేస్తే ఐదో తరగతిలో కూడా అలాగే రాస్తారంటుంది.

---

పద్యప్రియ

మీ తోటి టీచరే కరెక్టు అని నేనంటాను. లళలు ప్రాసలో కలపడం పాతకాలం నుంచీ ఉన్నదే కాబట్టి ప్రాస చెల్లుతుంది. కానీ అక్షరం మాత్రం సరిగా రాయించాలి. పళ్లు అని ళతోనే రాసి ఇల్లుతో జత కట్టొచ్చు, పల్లు అని రాస్తే ఒప్పుకోకూడదు.

---

బలపం_టీచర్

బాబు ళతోనే రాశాడండి. అయితే ఆ తగువు తీరినట్టే. సోమవారం మా తోటి టీచరుకి చూపిస్తాను.

---

పెన్నాతీరం (కడప)

ఆలస్యంగా చూశాను. మా పిల్లలు నాయనమ్మని జేజి అంటారు. బుట్ట వేద్దామని కూర్చుంటే రాజీ తప్ప ఇంకో మాట తట్టలేదు. అది ఎనిమిదేళ్ల పిల్లల మాట కాదు. నానమ్మ అని మార్పించడం నాకు ఇష్టం లేదు, ఆ పిల్ల జేజి దగ్గరే పెరుగుతోంది. ఏం చేయాలి?

---

ఏకోపాధ్యాయుడు

తమ్ముడికి చెప్పినట్టే చేయండి. జేజిని లైను మొదటికి తెచ్చి, చివర ఆమె ఉండే చోటో, పట్టుకునే వస్తువో పెట్టించండి. మీ వైపు కొట్టం అంటారు కదా. కొట్టానికి చుట్టం, పట్టం, చట్టం దొరుకుతాయి. పిల్లలకి తెలిసేది చుట్టం ఒక్కటే, అది చాలు.

మా జేజికి ఇష్టం కొట్టం
దారిన పోయేవాళ్లూ ఆమెకు చుట్టం

ఇది నా లైను, పిల్లకి చూపించకండి. జేజి ఎక్కువగా ఎక్కడ కూర్చుంటుందో, చేతిలో ఏం ఉంటుందో ముందు ఆ పిల్లనే అడగండి. ఏ మాట వస్తే దానికి బుట్ట అక్కడికక్కడే బోర్డు మీద కట్టండి.

---

పెన్నాతీరం

అడిగాను. జేజి ఎప్పుడూ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తుందట. అరుగుకి పిల్లలే పెరుగు, పరుగు తెచ్చారు. పాప పెరుగు తీసుకోవాలా పరుగు తీసుకోవాలా అని ఇంకా ఆలోచిస్తోంది. రాశాక ఇక్కడ పెడతాను.